బిల్లు మొత్తం మీద ఒకే డిస్కౌంట్: గోదావరి డెల్టా మందుల షాపుల వారికి బహిరంగ లేఖ

గోదావరి డెల్టాలో చిన్న మందుల షాపులు నడుపుకుంటున్న సోదరులకు, అక్కచెల్లెళ్లకు, మన సంఘాల పెద్దలకు నమస్కారం.

నాది రాజోలు వైపు చిన్న షాపు. కౌంటరు వెనక నిలబడి ఇరవై రెండేళ్లయింది. ఈ లేఖ రాయడానికి కారణం మా లంకల నుంచి నెలనెలా వచ్చే ఒక మామ్మగారు. బీపీ, షుగరు, కొలెస్ట్రాలు, గ్యాసు, నరాల బలం, ఇవన్నీ కలిపి ఆవిడకు నెలకు సరిపడా మందులు ఇస్తాను. మొన్న ఆవిడ మనవడు వచ్చి, "టౌనులో బోర్డు పెట్టారండి, ఏ మందుకైనా ఇరవై శాతం తగ్గిస్తున్నారట. మీరెందుకు ఇవ్వరు?" అని అడిగాడు. కుర్రాడు అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. నేనే సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "మాకు గిట్టదు బాబూ" అంటే అతను నమ్మలేదు. ఆ రాత్రి షట్టరు దించాక ఆ బిల్లు ముందు పెట్టుకుని పైసలతో సహా లెక్క కట్టాను. అందులో తేలింది మీ అందరి ముందూ పెడుతున్నాను. ఎందుకంటే ఈ ఏడాది మన వీధుల్లో కూడా అలాంటి బోర్డులు లేస్తున్నాయి. పెడుతున్నవాళ్లలో చాలామంది లెక్క చూసుకోకుండానే పెడుతున్నారని నా భయం.

ముందు మనలో చాలామంది పొరబడుతున్న చోటు చెబుతాను. ధర నియంత్రణ ఉన్న మందు మీద మనకు 16 శాతం మార్జిన్ అంటాం. ఆ 16 దేని మీద? 2013 ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఒక మందుకు గరిష్ఠ ధర కట్టేటప్పుడు, మార్కెట్లో ఒక శాతమో అంతకు మించో వాటా ఉన్న బ్రాండ్లన్నిటి పీటీఆర్, అంటే రిటైలర్‌కు పడే రేటు, తీసుకుని సగటు కడతారు. ఆ సగటుకు 16 శాతం కలుపుతారు. దాని మీద జీఎస్టీ వేస్తే వచ్చేదే షీటు మీద వేయదగ్గ గరిష్ఠ ఎమ్మార్పీ. అంటే ఆ 16 మనం కొన్న రేటు మీద, అమ్మిన ధర మీద కాదు. 1995 నాటి పాత ఉత్తర్వులో ఇది అమ్మకం ధరలోంచి తీసే 16 శాతంగా ఉండేది. కొత్తదాంట్లో కొనుగోలు రేటు మీదకు మారింది. అంకె అదే ఉండిపోవడంతో మనం మార్పును పట్టించుకోలేదు.

ఒక్క షీటు మీద చూద్దాం. అంకెలు గుండ్రంగా తీసుకుంటున్నాను, ఏ కంపెనీ రేటూ కాదు. సగటు పీటీఆర్ 20 రూపాయలు. 16 శాతం కలిపితే 23.20. అయిదు శాతం జీఎస్టీతో ఎమ్మార్పీ 24.36. మనం ఆ షీటును 20 రూపాయలకు కొని, దాని మీద ఒక రూపాయి పన్ను కడతాం. అమ్మినప్పుడు పన్ను తీసేస్తే మనకు చేరేది 23.20. మిగిలింది 3.20. కొన్న 20 మీద చూస్తే ఇది 16 శాతమే. కానీ డిస్కౌంట్ ఇచ్చేది కొన్న రేటు మీద కాదు కదా, ఎమ్మార్పీ మీద. 23.20లో 3.20 అంటే 13.79 శాతం. మన చేతిలో ఉన్నది అంతే. డిస్కౌంట్ 13.79 దాటిన క్షణం నుంచి జేబులోంచి పెట్టుకోవాల్సిందే.

పది శాతం ఇచ్చామనుకోండి. పదహారులో పది పోతే ఆరు మిగులుతుందని మనసులో వేసుకుంటాం. కస్టమరు ఇచ్చేది 21.92. పన్ను తీస్తే 20.88. అందులో 20 రూపాయలు కొనుగోలు. మిగిలింది 88 పైసలు. మనకు వచ్చిన డబ్బులో ఇది నాలుగు శాతం పైచిలుకు, ఆరు కాదు. పదిహేను శాతం ఇస్తే షీటుకు 28 పైసలు నష్టం. ఇరవై శాతం ఇస్తే 1.44 నష్టం.

మీ స్టాకిస్టు బిల్లులో ఏ లెక్క నడుస్తోందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. షీటు మీద ఉన్న ఎమ్మార్పీని 1.05తో భాగించండి. వచ్చినదాన్ని మళ్లీ 1.16తో భాగించండి. బిల్లులో మీకు వేసిన రేటు దానికి సరిపోతే కొన్న రేటు మీద 16 ఇచ్చినట్టు. అలా కాకుండా 0.84తో గుణించినప్పుడు సరిపోతే అమ్మకం ధర మీద 16 ఇచ్చినట్టు. పై షీటులో మొదటి పద్ధతిలో రేటు 20 రూపాయలు, రెండో పద్ధతిలో 19.49. షీటుకు 51 పైసలు తేడా. కొన్ని కంపెనీలు ఒక రకంగా, కొన్ని మరో రకంగా వేస్తుంటాయి. స్కీములు కలిసినప్పుడు ఇంకో అంకె వస్తుంది. అందుకే ఎవరో చెప్పిన పదహారును నమ్ముకోకుండా మన బిల్లే చూసుకోవాలి.

ధర నియంత్రణ లేని మందుల సంగతి వేరు. అక్కడ వాడుకగా వచ్చేది 20 శాతం. అది మాత్రం అమ్మకం ధర మీదే లెక్క. పన్ను కాకుండా 100 రూపాయల మందు మనకు 80కి వస్తుంది. కొన్న రేటు మీద చూస్తే అది 25 శాతం. ఒక పక్క 16, ఇంకో పక్క 20, తేడా నాలుగే కదా అనిపిస్తుంది. నిజానికి ఒకటి కొనుగోలు మీద కొలిచింది, ఇంకొకటి అమ్మకం మీద కొలిచింది. రెంటినీ ఒకే తూకంలో వేస్తే 13.79కీ 20కీ తేడా, లేదంటే 16కీ 25కీ తేడా.

ఇప్పుడు మామ్మగారి బిల్లు. ఆవిడ అమ్లోడిపిన్, మెట్‌ఫార్మిన్, అటోర్వాస్టాటిన్ మూడూ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవి. వాటికి గరిష్ఠ ధర ఉంది. ఆవిడ వాడే గ్యాసు బిళ్లలకు, విటమిను బిళ్లలకు లేదు. ఇక్కడ కూడా అంకెలు గుండ్రం చేస్తున్నాను, నిష్పత్తి మాత్రం మార్చలేదు. జాబితా మందులు పన్ను కాకుండా 580 రూపాయలు, వాటి కొనుగోలు 500. మిగతావి 200, వాటి కొనుగోలు 160. మొత్తం 780, పన్నుతో 819. కొనుగోలు 660. డిస్కౌంట్ ఏమీ లేకుండా అమ్మితే నాకు మిగిలేది 120 రూపాయలు.

ఈ 120లోంచే షాపు నడవాలి. అద్దె, కుర్రాడి జీతం, ఇన్సులిన్ ఫ్రిజ్ కరెంటు, బిల్లింగు సాఫ్ట్‌వేర్, కవర్లు, వెనక్కి పోని ఎక్స్‌పైరీలు, ఇవన్నీ కలిపి నా షాపులో అమ్మకానికి ఎనిమిది శాతం అవుతున్నాయి. నెలకు మూడు లక్షల అమ్మకానికి 24 వేలు. అందులో నా జీతం లేదు. మామ్మగారి బిల్లు వాటాకు ఇది 62 రూపాయలు వస్తుంది. అంటే డిస్కౌంట్ లేకపోతే ఆవిడ నెల మందుల మీద నా ఇంటికి వెళ్లేది 58 రూపాయలు. అయిదు శాతం తగ్గిస్తే షాపుకు మిగిలేది 81, ఖర్చు పోగా చేతికి 19. పది శాతం తగ్గిస్తే మిగిలేది 42, అంటే ఖర్చులకే 20 రూపాయలు తక్కువ. పదిహేను తగ్గిస్తే 660 కొనుగోలు పోగా మొత్తం బిల్లులో మిగిలేది అక్షరాలా మూడు రూపాయలు. ఇరవై తగ్గిస్తే కొన్నదానికే 36 రూపాయలు తక్కువ.

మరి టౌనులో ఇరవై ఇస్తున్నవాళ్లు ఎలా బతుకుతున్నారు? నేను అసలు మాట్లాడదలుచుకున్నది ఇదే. వాళ్లలో పెద్ద గొలుసు షాపులకు లారీల లెక్కన కొనే బలం ఉంది, సొంత బ్రాండ్లు ఉన్నాయి. వాటిని పక్కన పెడదాం. మనలాంటి చిన్న షాపు ఆ బోర్డు పెడితే ఆ 36 రూపాయలు ఎక్కణ్ణుంచి రావాలి?

ఒకటే చోటు ఉంది. మనం జనరిక్ అని పిలుచుకునే సరుకు. మెడికల్ రెప్‌లు తిరిగి డాక్టర్ల చేత రాయించని, నేరుగా షాపుకు వచ్చే మందు. గ్యాసు బిళ్లల షీటు మీద 105 రూపాయలు ఎమ్మార్పీ వేసి ఉంటుంది. పన్ను తీస్తే 100. మనకు అది 20 రూపాయలకు వస్తుంది. ధర నియంత్రణ లేని మందుకు కంపెనీ మొదట ఎంత ఎమ్మార్పీ వేసుకోవాలన్న దాని మీద పరిమితి లేదు. ఏడాదికి పది శాతానికి మించి పెంచకూడదన్నదే ఉన్న కట్టడి. ఇరవై శాతం డిస్కౌంట్‌తో ఆ షీటును 84కు ఇస్తే, పన్ను పోగా 80 వస్తుంది, 60 మిగులుతుంది. మామ్మగారి బిల్లులో మామూలు గ్యాసు బిళ్లల చోట ఈ షీటు ఒక్కటి పెడితే చాలు, 36 నష్టం పూడిపోతుంది, పైన ఇంకా లాభం. బిల్లు చివర మాత్రం "మీరు ఆదా చేసింది ఇంత" అని అచ్చవుతుంది.

అంటే ఆ ఇరవై శాతం ఎవరు కట్టారు? ఆవిడే కట్టింది. ఇరవై రూపాయల సరుకుకు 84 ఇచ్చి బీపీ మందు మీద తగ్గింపు తనే కొనుక్కుంది. గరిష్ఠ ధర పెట్టింది ఆవిడ కోసమే. ఆ పరిమితి ఉన్న మందులో మనం చూపించిన తగ్గింపు, పరిమితి లేని మందులో ఆవిడ దగ్గరే వసూలైంది.

ఇంకో సంగతి కూడా చూడాలి. చీటీలో రాసిన బ్రాండు తీసి ఆ చోట మన సరుకు పెట్టడం మన చేతుల్లో లేని పని. షెడ్యూల్ హెచ్ మందు విషయంలో రాసిన దానికి బదులు వేరేది ఇవ్వకూడదని డ్రగ్స్ రూల్స్‌లోని 65వ నిబంధన చెబుతోంది. బోర్డు మీద ఇరవై అని రాసిన రోజున మనల్ని మనం ఆ తప్పు వైపు తోసుకుంటున్నాం. ఒకటి రెండు నెలలు జేబులోంచి పెట్టుకోగలం. మూడో నెలకు స్టాకిస్టు చెక్కు గడువు వస్తుంది, అప్పుడు చెయ్యి జనరిక్ అలమరా వైపు వెళుతుంది. మన షాపులో అలా జరుగుతోందో లేదో తెలియాలంటే కష్టపడనక్కర్లేదు. నెలాఖరున సాఫ్ట్‌వేర్‌లో లాభం వారీ రిపోర్టు తీసి, మొత్తం లాభంలో సగం ఎన్ని ఐటమ్స్ నుంచి వచ్చిందో చూడండి. నాలుగైదు జనరిక్ షీట్ల నుంచే వస్తుంటే, మిగతా అలమరా అంతా వాటికి గిరాకీ తెచ్చే బోర్డుగా మారిపోయిందన్నమాట.

నేను జనరిక్‌కు వ్యతిరేకిని కాను. అది మంచి సరుకైతే మన ఊరి జనానికి అంతకన్నా మేలు లేదు. గొడవల్లా దాని మీద వేసిన అంకెతోనే. దాన్ని ఎమ్మార్పీ నుంచి కిందికి లెక్కపెట్టకుండా, కొన్న రేటు నుంచి పైకి కట్టండి. నా షాపులో నేను చేస్తున్నది ఇది: కొన్న రేటును, ఒకటిలోంచి నాకు కావలసిన మార్జిన్ తీసేసిన దానితో భాగిస్తాను, తర్వాత పన్ను వేస్తాను.

```
అమ్మకం ధర = కొన్న రేటు ÷ (1 − మార్జిన్) × 1.05
20 ÷ (1 − 0.30) × 1.05 = 30.00
```

జనరిక్ ఎక్స్‌పైరీ చాలాసార్లు వెనక్కి తీసుకోరు కాబట్టి అందులో ముప్ఫై శాతం పెట్టుకుంటాను. 20 రూపాయల షీటు ముప్ఫైకి ఇస్తాను. షీటు మీద 105 అని ఉంటుంది. కస్టమరుకు రెండు అంకెలూ చూపిస్తాను. చాలామంది ఇక్కడ 20కి ముప్ఫై శాతం కలిపి 26 అనుకుంటారు, దాని మీద పన్ను వేస్తారు. 26లో 6 అంటే 23 శాతమే. అనుకున్న ముప్ఫై రాదు. నెలాఖరుకు డబ్బు ఎటు పోయిందో అర్థం కాదు. ఈ ఒక్క పొరపాటు మీద నేను నా షాపు మొదటి మూడేళ్లు పోగొట్టుకున్నాను.

ఈ లెక్కలో నాకు పరిమితమైన లాభమే ఉందని తెలుసు. మామ్మగారికి గ్యాసు బిళ్లల విషయంలో డాక్టరు గారితో ఫోనులో మాట్లాడి, ఆయన సరే అన్నాక మార్చాను. బీపీ మందు మాత్రం అదే బ్రాండు, ఇరవై శాతం తగ్గింపు లేదు. అయినా గ్యాసు బిళ్లల మీద ఆవిడకు ఇరవై శాతం బోర్డు దగ్గర అయ్యేదాని కన్నా నా దగ్గర తక్కువైంది. మనవడికి కాగితం మీద వేసి చూపించాక అతను ఇంకేమీ అడగలేదు.

స్కీముల గురించి రెండు మాటలు చెప్పకపోతే ఈ లేఖకు అర్థం ఉండదు. ఎందుకంటే "మాకు స్కీములో వస్తుంది, అందులోంచి ఇస్తాం" అనేవాళ్లు మనలో ఉన్నారు. పదికి ఒకటి ఉచితం అంటే పది శాతం కాదు. పది షీట్ల డబ్బుకు పదకొండు వచ్చాయి కాబట్టి తొమ్మిది శాతం పైచిలుకు. పై షీటు 20 బదులు 18.18కి పడుతుంది. పన్ను కాకుండా 23.20కి అమ్మితే మార్జిన్ 21.6 శాతం. వినడానికి బాగుంది. కానీ మన ఊళ్లో ఆ మందు నెలకు రెండు షీట్లు పోతుందనుకోండి, పదకొండు తీసుకున్నాం, చివరి రెండు గడువు తీరిపోయాయి. అప్పుడు 200 రూపాయలకు తొమ్మిది షీట్లు అమ్మినట్టు. ఒక్కోటి 22.22 పడింది. మిగిలేది 98 పైసలు, నాలుగు శాతం. స్కీము లేకుండా అయిదు షీట్లు తెచ్చుకుని అమ్మి ఉంటే 13.79 నిలిచేది.

ఈ ఎక్స్‌పైరీ దెబ్బ మనకు టౌను కన్నా ఎక్కువ. ఇక్కడ జనం రెండు బిళ్లలు, మూడు బిళ్లలు కొంటారు. కూలి దొరికిన రోజున ఆ రోజుకు సరిపడా, కొబ్బరి దింపు డబ్బులు చేతికొచ్చాక మిగతావి. కత్తిరించిన షీటును స్టాకిస్టు వెనక్కి తీసుకోడు. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగి పంటు ఆగిపోతే లంకల వాళ్లు పది రోజులు రారు. వాళ్ల కోసం తెచ్చిపెట్టిన సరుకు అలాగే ఉండిపోతుంది. ఇది ఏ శాతంలోనూ కనపడదు, నెలాఖరున మాత్రం కనపడుతుంది. స్కీము తీసుకునే ముందు ఆ మందు గడిచిన మూడు నెలల్లో ఎన్ని షీట్లు పోయిందో ఒక్కసారి చూడండి. మూడు నెలల అమ్మకం కన్నా ఎక్కువ రావాల్సిన స్కీము మనది కాదు.

లూజు అమ్మకం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పది బిళ్లల 24.36 షీటులో బిళ్ల ఒకటి 2.43 పైచిలుకు. చిల్లర లేదని రెండున్నర తీసుకుంటాం. అలవాటైపోయింది, దుర్బుద్ధితో చేసేది కాదు. కానీ విడిగా అమ్మేటప్పుడు షీటు ధరలో దాని వాటాకు మించి తీసుకోకూడదని 2013 ధరల ఉత్తర్వే స్పష్టంగా చెబుతోంది. రెండు బిళ్లలకు 4.87 అయితే అయిదు తీసుకోవడం ఎక్కువ తీసుకోవడమే. పైసల్ని కిందికి సవరించుకోవడం తప్ప మనకు దారి లేదు. లేదా ఫోనుతో కట్టించుకుంటే 4.87 పైసలతో సహా పడుతుంది. మా పక్క ముసలివాళ్లు కూడా ఇప్పుడు మనవళ్ల ఫోను తెస్తున్నారు.

ఇంకోటి, నన్ను బాగా కలచివేసిన విషయం. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి అయిదుకు తగ్గింది. పాత షీటు మీద 25.98 అని ఉంటుంది. అదే మందు కొత్త ధర 24.36. తగ్గింపు ఎమ్మార్పీలో ఆరుంబావు శాతం. షీటు మీద ధరా, అమలులో ఉన్న ధరల పట్టికలోని ధరా, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానికే అమ్మాలన్నది రూలు. పాత షీటైనా సరే. కానీ ఆ రోజుల్లో పాత స్టాకు మీద "ఆరు శాతం డిస్కౌంట్" అని బోర్డు రాసిన షాపు నేను నా కళ్లతో చూశాను. అది మన డిస్కౌంట్ కాదు, ప్రభుత్వం వదులుకున్న పన్ను. దాన్ని మన ఖాతాలో రాసుకోకూడదు. పాత స్టాకు మీద 12 శాతం కట్టాం కదా అనేవాళ్లకు నా జవాబు: కట్టిన పన్ను క్రెడిట్‌గా మన లెక్కలో ఉంటుంది, మిగతా అమ్మకాల పన్నులో సర్దుకుంటుంది. కొన్నాళ్లు డబ్బు ఇరుక్కుంటుంది, నిజమే. అందుకు పేషెంటు బాధ్యుడు కాదు.

ఇక సంఘాల పెద్దలకు నా విన్నపం. డిస్కౌంట్లు ఆపమని తీర్మానం చేయండని నేను అడగడం లేదు. అడిగినా మీరు చేయకూడదు. దేశవ్యాప్త మందుల వ్యాపారుల సంఘం మార్జిన్లను అందరికీ ఒకేలా బిగించడాన్ని కాంపిటీషన్ కమిషన్ 2013లో తప్పు పట్టి జరిమానా వేసింది. ఎవరి ధర వారు పెట్టుకోవాలి, అదే న్యాయం. నేను అడిగేది లెక్క నేర్పమని. సమావేశాల్లో మనం స్టాకిస్టు మీద ఫిర్యాదులు, లైసెన్సు మాటలు మాట్లాడుకుని భోజనం చేసి వచ్చేస్తున్నాం. కొత్తగా షాపు పెట్టిన కుర్రాళ్లు పక్క షాపు బోర్డు చూసి తమ బోర్డు రాస్తున్నారు. వాళ్లను కూర్చోబెట్టి ఒక్క షీటు, ఒక్క బిల్లు మీద పైన చెప్పిన భాగహారం చేయిస్తే చాలు. 13.79 అనే అంకె వాళ్ల చేతితో వాళ్లు కడితే, ఆ తర్వాత ఏ డిస్కౌంట్ పెట్టుకుంటారో వాళ్ల ఇష్టం.

స్టాకిస్టులతో మాట్లాడేటప్పుడు ఇంకొకటి అడగండి. బిల్లులో ప్రతి ఐటం పక్కన అది నియంత్రణలో ఉన్నదో లేనిదో ఒక్క అక్షరంతో గుర్తు వేయమనండి. ఇప్పుడు ఆ తేడా తెలియడానికి మనం షీట్లు తిప్పి, ధరల పట్టికలు వెతుక్కోవాల్సి వస్తోంది. బిల్లులో గుర్తుంటే మన సాఫ్ట్‌వేర్‌లో కూడా రెండు గుంపులుగా పడతాయి. ఏ గుంపు మీద ఎంత తగ్గించగలమో వేర్వేరుగా పెట్టుకోవచ్చు. నా షాపులో ప్రస్తుతం జాబితా మందుల మీద నెల బిల్లుకు మూడు శాతం, మిగతా బ్రాండ్ల మీద ఏడు, జనరిక్ మీద డిస్కౌంట్ అనే మాటే లేదు, నేరుగా నా ధరే. ఇది మీకు సరిపోతుందని అనను. నా అద్దె వేరు, మీది వేరు. పక్కన ఆస్పత్రి ఉన్న షాపుకు మెడికల్ రెప్ బ్రాండ్లు ఎక్కువ పోతాయి. చేపల చెరువుల పక్కన ఉన్నవాళ్లకు చెరువు అమ్మకాలయ్యే దాకా ఖాతాలు నిలిచిపోతాయి. అందుకే ఎవరి బిల్లు మీద వాళ్లే లెక్క కట్టాలి.

ధరల పట్టిక మాత్రం కౌంటరు దగ్గర అందరికీ కనపడేలా పెట్టండి. అది ఉత్తర్వు చెప్పిన పని, చాలా షాపుల్లో ఫైలులో పడి ఉంటోంది. మామ్మగారి మనవడు లాంటివాడు వచ్చి అడిగినప్పుడు దాన్నే తీసి చూపించవచ్చు.

వచ్చే నెల మన సమావేశానికి ప్రతి ఒక్కరూ గడిచిన నెలలో కొన్న స్టాకిస్టు బిల్లు ఒకటి, మీ రెగ్యులర్ పేషెంటు నెల బిల్లు ఒకటి, పేరు కొట్టేసి పట్టుకు రండి. నేను కాలిక్యులేటరూ, తెల్ల కాగితాలూ తెస్తాను. భోజనానికి ముందు ఒక గంట చాలు.

మీ సోదరుడు,
రాజోలు దగ్గర మందుల షాపు ఫార్మసిస్టు